బాటిల్ నీళ్లే తాగినా విరేచనాలు ఎందుకు పట్టుకున్నాయి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 57 ఏళ్లు. వచ్చే రెండు నెలల్లో నేనూ మా వారూ ఆరు వారాల పాటు నాలుగు దేశాలు తిరిగి రావాలనుకుంటున్నాం. కిందటిసారి విదేశాలకు వెళ్లినప్పుడు మొదటి వారంలోనే నాకు విరేచనాలు పట్టుకుని, ప్రయాణంలో సగం హోటల్ గదిలోనే గడిచింది. సీలున్న బాటిల్ నీళ్లు తప్ప తాగలేదు, పెద్ద హోటళ్లలో తప్ప తినలేదు. అవే తిన్న మా వారికి మాత్రం ఏమీ కాలేదు. నాకు షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. రోజూ పొద్దున్నే గ్యాస్ మాత్ర కూడా వేసుకుంటాను. ఈసారి ముందునుంచే రోజుకో యాంటీబయాటిక్ వేసుకుంటే ఏ గొడవా ఉండదని ఒకరన్నారు. షుగర్ వాళ్లు ఓఆర్ఎస్ తాగకూడదని ఇంకొకరన్నారు. ఏం తినాలి, ఏం తాగాలి, వెంట ఏం పట్టుకెళ్లాలి?

సమాధానం: మీ ఉత్తరంలో మీరు మామూలుగా చెప్పేసిన ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. అది పొద్దున్నే వేసుకునే గ్యాస్ మాత్ర. తిండితో పాటు లోపలికి వెళ్లే సూక్ష్మజీవుల్లో చాలావాటిని కడుపులోని ఆమ్లమే చంపేస్తుంది. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి మాత్రలు ఆ ఆమ్లాన్ని బాగా తగ్గిస్తాయి. అప్పుడు మామూలుగా ఏమీ చేయలేనంత కొద్దిపాటి క్రిములు కూడా బతికి పేగుల్లోకి చేరతాయి. ఈ మాత్రలు వాడేవాళ్లకు ప్రయాణంలో విరేచనాలు పట్టుకునే అవకాశం ఎక్కువని తెలిసిన విషయమే. ఒకే పళ్లెంలో తిన్న మీ వారికి ఏమీ కాకపోవడానికి కారణం ఇదేనని తేల్చి చెప్పలేను కానీ, నా అనుమానం మాత్రం దీనిమీదే.

అలాగని రేపటినుంచే మానేయకండి. అల్సర్ ఉన్నవాళ్లకు, రక్తం పలచబడే మందులు వాడుతున్న కొందరికి ఆ మాత్ర తప్పనిసరి. ఎప్పుడో మంటగా ఉందని మొదలుపెట్టి, ఆపమని ఎవరూ చెప్పక అలా వేసుకుంటూ పోతున్నవాళ్లూ చాలామందే ఉంటారు. మీరు ఏ కోవలోకి వస్తారో మీ డాక్టర్‌ని అడగండి. ప్రయాణానికి నెల రోజులైనా ముందు అడగాలి. ఎందుకంటే చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపితే, కొన్ని రోజులు ఆమ్లం మునుపటికన్నా ఎక్కువగా ఊరి మంట పుడుతుంది. మెల్లగా తగ్గించుకుంటూ రావడానికి టైమ్ కావాలి.

ఇక పెద్ద హోటల్ సంగతి. ప్రయాణాల్లో వచ్చే ఈ విరేచనాల్లో ఎక్కువ భాగం బాక్టీరియా వల్ల వచ్చేవే. అందులోనూ ఈ. కోలైలో విషం విడుదల చేసే రకం ముందు వరసలో ఉంటుంది. కాంపైలోబాక్టర్, షిగెల్లా, సాల్మొనెల్లా, కొన్ని వైరస్‌లు తర్వాత వస్తాయి. ఇవన్నీ ఎవరో ఒకరి మలం నుంచో జంతువుల నుంచో చేతుల ద్వారా, నీటి ద్వారా, ఈగల ద్వారా తిండిలోకి చేరినవే. వంటగదిలో కూరగాయలు తరిగే మనిషి చేతులు కడుక్కున్నాడా లేదా అన్నది హోటల్ బయటి హంగు చూసి తెలుసుకోలేం. మన కళ్లకు కనిపించేవి రెండే: తిండి ఎంత వేడిగా ఉంది, వండాక ఎంతసేపైంది.

బఫే దగ్గర నిలబడినట్టు ఊహించుకోండి. పొద్దున ఏడింటికి పెట్టిన గుడ్ల ట్రే పదింటికీ అక్కడే ఉంది. అడుగున సన్నటి మంట ఉన్నా, పైన వేలు పెడితే గోరువెచ్చగా తగులుతుంది. వండిన పదార్థం 60 డిగ్రీల పైన ఉన్నంతసేపూ బాక్టీరియా పెరగలేదు. అంతకన్నా దిగి, 5 డిగ్రీలకన్నా పైన ఉన్న మేరలో చకచకా పెరిగిపోతుంది. పక్కనే కోసిన పండ్ల పళ్లెం. తొక్క ఉన్నంతవరకు పండు లోపల శుభ్రంగానే ఉంటుంది. కత్తి, చెయ్యి, కడిగిన నీళ్లు తగిలాక ఆ మాట చెప్పలేం. ఇంకాస్త అవతల పచ్చి ఆకుల సలాడ్. ఆకు మడతల్లో చేరిన క్రిములను ఏ నీళ్లూ పూర్తిగా కడగలేవు, పైగా కడిగినవి కుళాయి నీళ్లే. ఈ మూడూ మీ పళ్లెంలో ఉంటే, పక్కన సీలున్న బాటిల్ పెట్టుకుని కూర్చున్నా లాభం లేదు.

కాబట్టి చోటు చూసి కాదు, పదార్థం చూసి ఎంచుకోండి. కళ్లముందు మరిగే నూనెలోంచి తీసిన వేపుడు, పొగలు కక్కే సూప్, అప్పుడే వండి తెచ్చిన అన్నం, వేడి వేడి రొట్టె రోడ్డు పక్క బండి మీదైనా సరే, అద్దాల బఫేలో చల్లారిన కూరకన్నా నయం. ఆమ్లెట్ అప్పటికప్పుడు వేసిస్తారేమో అడగండి, చాలాచోట్ల వేస్తారు. పండ్లు మీరే కడిగి, మీరే తొక్క తీసుకుని తినండి. బాగా పొడిగా ఉండే బ్రెడ్, బిస్కెట్ల మీద క్రిములు పెరగడం కష్టం. పచ్చి పాలు, పచ్చి పాల జున్ను, సగం ఉడికిన మాంసం, పచ్చి చేపలు, నత్తగుల్లల జోలికి వెళ్లకండి.

రెండు విషయాలు మాత్రం చాలామందికి తట్టవు. ఒకటి, బల్లమీద గిన్నెలో తెరిచిపెట్టి ఉండే చట్నీలు, సాస్‌లు. వేడి వేడి పదార్థం తెప్పించుకుని, దానిమీద పొద్దుటినుంచీ ఊరి జనమంతా చెంచా ముంచిన పచ్చి సాస్ వేసుకుంటే చేసిన జాగ్రత్తంతా పోయినట్టే. మెక్సికోలోని గ్వాదలహారా రెస్టారెంట్లలో ఇలాంటి సాస్‌లను పరీక్షించినప్పుడు విరేచనాలు కలిగించే రకం ఈ. కోలై అందులో దొరికింది కూడా. రెండోది, మళ్లీ వేడిచేసిన అన్నం. వండి బయటే వదిలేసిన అన్నంలో పెరిగే ఒక బాక్టీరియా తయారుచేసే విషం వేడికి లొంగదు. పొగలు వచ్చేదాకా వేయించినా ఆ విషం అలాగే ఉంటుంది. తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపే వాంతులు మొదలైతే ఇలాంటి విషాన్నే అనుమానించాలి. అది సాధారణంగా ఒక్క రోజులో తగ్గిపోతుంది, దానికి యాంటీబయాటిక్‌తో పనిలేదు.

నీళ్ల విషయంలో మీరు బాటిల్ వరకు జాగ్రత్తగానే ఉన్నారు. కానీ బాటిల్ కాని నీళ్లు ఎన్ని దారుల్లో నోట్లోకి వెళ్తాయో చూడండి. కూల్‌డ్రింక్‌లో వేసిన ఐసు, జ్యూస్ పలచన చేసిన నీళ్లు, పళ్లు తోముకుని పుక్కిలించిన నీళ్లు, స్నానం చేస్తూ మింగిన గుక్క. గడ్డకట్టినంత మాత్రాన క్రిములు చావవు, గ్లాసులో మద్యం ఉన్నా చావవు. అందుకని ఐసు వద్దని ముందే చెప్పండి. గ్లాసులో వేసి తెచ్చాక ఏరి పారేస్తే సరిపోదు. బాటిల్ మీ ముందే తెరవాలి, మూత తిప్పినప్పుడు సీలు తెగిన చప్పుడు రావాలి. అనుమానంగా ఉంటే సోడా నీళ్లు తీసుకోండి. కుళాయి నీళ్లు నింపి మూత బిగిస్తే గ్యాస్ పొంగు రాదు కాబట్టి మోసం తెలిసిపోతుంది.

గదిలో ఎలక్ట్రిక్ కెటిల్ ఉంటే అంతకన్నా నమ్మకమైనది లేదు. నీళ్లు తెర్లుతూ ఒక నిమిషం మరగాలి. రెండు వేల మీటర్లకన్నా ఎత్తైన ఊళ్లలో మూడు నిమిషాలు మరగాలి, అక్కడ నీరు తక్కువ వేడికే మరుగుతుంది గనక. కెటిల్ మరగగానే దానంతటదే ఆగిపోతుంది కదా, వెంటనే మళ్లీ ఆన్ చేస్తే ఆ నిమిషం పూర్తవుతుంది. మూత తీయకుండా చల్లారనిచ్చి, రాత్రే బాటిల్‌లో నింపుకుంటే పళ్లు తోముకోవడానికీ అవే పనికొస్తాయి. క్లోరిన్ బిళ్లలు, చేతి ఫిల్టర్లు కొండలు ఎక్కేవాళ్లకు అవసరమే కానీ ఒక్కోదానికీ ఒక లోటుంది. మామూలు ఫిల్టర్ వైరస్‌లను ఆపలేదు. క్లోరిన్ క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవిని చంపలేదు. హోటళ్లలో దిగే మీకు కెటిల్ చాలు.

చేతుల గురించి ఒక్క మాట. తినే ముందు, టాయిలెట్‌కి వెళ్లొచ్చాక సబ్బుతో కడుక్కోవాలి. శానిటైజర్ వీలు కానప్పుడే. ఓడల్లో, టూర్ బస్సుల్లో ఒకరినుంచి ఒకరికి అంటుకునే నోరోవైరస్ మీద శానిటైజర్ అంతగా పనిచేయదు.

ఇవన్నీ తు.చ. తప్పక పాటించినా విరేచనాలు రావని హామీ ఇవ్వలేను. వంటవాడి చేతులు మీ చేతిలో లేవు. పైగా ఆరు వారాలు ప్రతి పూటా ఎవరూ ఇంత కచ్చితంగా ఉండలేరు. అందుకే వెంట తీసుకెళ్లే సంచీ ముఖ్యం.

రోజూ యాంటీబయాటిక్ వేసుకునే ఆలోచన మాత్రం మానుకోండి. పేగుల్లో ఉండే మేలు చేసే బాక్టీరియా కూడా దాంతో చస్తుంది. ఖాళీ అయిన ఆ చోటులోకి ప్రయాణంలో తగిలిన మందులకు లొంగని రకాలు వచ్చి చేరతాయి. యాంటీబయాటిక్ వాడిన ప్రయాణికులు అలాంటి బాక్టీరియాను ఇంటికి మోసుకొచ్చే అవకాశం వాడనివాళ్లకన్నా ఎక్కువ. ఇది ప్రయాణంతో పోయే సమస్య కాదు, రేపు మీకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే మామూలు మందు పనిచేయకపోవచ్చు. ముందుజాగ్రత్తగా వాడే ఇంకో మందు బిస్మత్ సబ్‌శాలిసిలేట్, ఇది యాంటీబయాటిక్ కాదు. రెండేసి మాత్రలు రోజుకు నాలుగుసార్లు నమిలితే విరేచనాలు సుమారు సగానికి తగ్గుతాయి. కానీ మూడు వారాలకు మించి వాడకూడదు, మీ ప్రయాణం ఆరు వారాలు. ఆస్పిరిన్ పడనివాళ్లు, ఆస్పిరిన్ గానీ రక్తం పలచబడే మందులు గానీ వాడేవాళ్లు ముట్టుకోకూడదు. నాలుక, మలం నల్లబడతాయి కాబట్టి రక్తం పోతోందేమోనని హడలిపోతారు. మీకు నేను సిఫారసు చేయను.

సంచీలో అన్నిటికన్నా ముందు పెట్టుకోవాల్సింది ఓఆర్ఎస్. షుగర్ ఉన్నవాళ్లు తాగకూడదన్నది పొరపాటు, ప్రమాదకరమైన పొరపాటు. ఓఆర్ఎస్‌లో గ్లూకోజ్ తీపి కోసం వేసింది కాదు. పేగు గోడలో ఉప్పునూ గ్లూకోజ్‌నూ జంటగా లోపలికి లాక్కునే దారి ఒకటుంది, నీరు వాటి వెంటే వెళ్తుంది. ఈ. కోలై విషం పేగులోంచి నీటిని బయటికి తోడేస్తున్నప్పుడు కూడా ఆ దారి చెక్కుచెదరదు. గ్లూకోజ్ తీసేస్తే ఉప్పు నీళ్లు అలాగే కిందికి పోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన కొలత ప్రకారం లీటరులో ఉండే గ్లూకోజ్ 13.5 గ్రాములే. మామూలు కూల్‌డ్రింక్ లీటరులో వంద గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. ఓఆర్ఎస్‌కు బదులు కూల్‌డ్రింకో జ్యూసో తాగితే ఆ చక్కెరంతా పేగులోకి ఇంకా నీటిని లాగి విరేచనాలు పెంచుతుంది, షుగర్ కూడా పెరుగుతుంది.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఎంత నీటిలో కలపమన్నారో చదవండి. సుమారు 20 గ్రాముల ప్యాకెట్లు లీటరుకు, నాలుగు గ్రాముల పైచిలుకు ఉండే చిన్నవి 200 మిల్లీలీటర్లకు. పెద్ద ప్యాకెట్‌ను ఒక గ్లాసులో కలిపి తాగేవాళ్లు ఉంటారు. అంత చిక్కటి ఉప్పు నీళ్లు మంచికన్నా చెడే చేస్తాయి. ఒక లీటరు ఖాళీ బాటిల్‌ను కొలత కోసం ఉంచుకుని, లీటరు ప్యాకెట్లు ఎనిమిది పదీ పెట్టుకోండి, ఇద్దరికీ సరిపోతాయి. ఒకవేళ అయిపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. టీ చెంచా, తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం గనక రుచి చూస్తే కన్నీళ్లకన్నా ఉప్పగా ఉండకూడదు. ఏ రకంగా కలిపినా 24 గంటలు దాటితే పారబోయండి.

తర్వాత విరేచనాలను తగ్గించే లోపరమైడ్, రెండు మిల్లీగ్రాముల మాత్రలు. ఆ తర్వాత మీ డాక్టర్ రాసిచ్చిన అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఒక కోర్సు, అవసరం పడితేనే వాడటానికి. దాన్ని ఎప్పుడు, ఎంత వేసుకోవాలో ప్రిస్క్రిప్షన్ మీదే రాయించుకోండి. గుండె లయ తేడా ఉన్నవాళ్లకు అది పడకపోవచ్చు, ఆ సంగతి డాక్టర్‌కి చెప్పాలి. కొందరు పాత అలవాటుగా దాని బదులు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రాస్తారు. కాంపైలోబాక్టర్ చాలా దేశాల్లో, ముఖ్యంగా దక్షిణాసియా, ఆగ్నేయాసియాల్లో దానికి లొంగడం లేదు. షుగర్ వాళ్లలో అది రక్తంలో చక్కెరను పైకీ కిందికీ ఊపేస్తుంది కూడా. థర్మామీటర్, గ్లూకోమీటర్, పారాసిటమాల్, చిన్న సబ్బు. ఇంతే. ఇవన్నీ అసలు ప్యాకింగ్‌లోనే, ప్రిస్క్రిప్షన్‌తో సహా చేతి సంచీలో ఉండాలి. చెక్-ఇన్ పెట్టె ఒక ఊరికీ మీరు ఒక ఊరికీ వెళ్లిన రోజునే వీటి అవసరం పడుతుంది.

ఇప్పుడు ఒక రాత్రి సంగతి చూద్దాం. రెండింటికి కడుపులో మెలిపెట్టి లేచారు, తెల్లారేసరికి నాలుగుసార్లు నీళ్లలా అయింది. జ్వరం చూస్తే లేదు, రక్తం లేదు. లీటరు ఓఆర్ఎస్ కలిపి, వెళ్లొచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు, వీలైతే రెండు గ్లాసులు మెల్లగా తాగండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి చెంచా చెంచాగా మొదలుపెట్టండి. ఆకలేస్తే అన్నం, బ్రెడ్, అరటిపండు తినొచ్చు, పస్తు ఉండనక్కర్లేదు. మూడు నాలుగు గంటలకోసారి షుగర్ చూసుకోండి. సరిగ్గా తినలేక, నీరు బాగా పోతున్నంతసేపూ మెట్‌ఫార్మిన్ ఆపమనే సాధారణంగా చెబుతాం, ఎందుకంటే ఒంట్లో నీరు తగ్గి కిడ్నీలు మందగిస్తే అది రక్తంలో పేరుకుంటుంది. మళ్లీ మామూలుగా తింటూ ఉన్నప్పుడు మొదలుపెట్టొచ్చు. బీపీకి వాడే కొన్ని మాత్రలకూ ఇలాంటి నియమమే ఉంది. మీ మందుల్లో ఏవి ఆపాలి, ఏవి ఆపకూడదు అన్నది బయలుదేరకముందే మీ డాక్టర్‌తో ఒక కాగితం మీద రాయించుకోండి. ఇన్సులిన్ వాడేవాళ్లయితే సొంతంగా ఆపనే కూడదు.

తొమ్మిదింటికి బస్సు ఎక్కాలి, వాయిదా వేసే వీల్లేదు. అప్పుడు లోపరమైడ్ రెండు మాత్రలు, ఆపైన నీళ్లలా అయిన ప్రతిసారీ ఒకటి. డాక్టర్ చెప్పకుండా రోజుకు నాలుగు దాటకూడదు, రెండు రోజులకు మించి వాడకూడదు. ఇది పేగు కదలికను నెమ్మదింపజేస్తుందే తప్ప క్రిమిని చంపదు. అందుకే జ్వరం ఉన్నా, మలంలో రక్తం కనిపించినా దాన్ని ముట్టుకోవద్దు.

అజిత్రోమైసిన్ ఈ దశలో అక్కర్లేదు. ప్రయాణ వైద్య నిపుణులు 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు ఎన్నిసార్లు వెళ్లారన్న లెక్క పక్కనపెట్టి, మీ పని ఎంత ఆగిపోయింది అని చూడమన్నాయి. ఇబ్బందిగా ఉన్నా తిరగగలుగుతున్నారంటే యాంటీబయాటిక్ వద్దు. మంచం దిగలేకపోతే, లేదా జ్వరం, రక్తం ఉంటే వేసుకోవాలి. సాధారణంగా 500 మిల్లీగ్రాములు రోజుకొకటి, మూడు రోజులు. ఒక రోజులోనే పూర్తిగా తగ్గిపోతే మిగతావి అక్కర్లేదు. ఏమీ వేసుకోకపోయినా బాక్టీరియా రకం చాలావరకు మూడు నుంచి ఏడు రోజుల్లో తగ్గిపోతుంది.

ఆసుపత్రికి వెళ్లాల్సిన సందర్భాలు వేరు. ఏం తాగినా నిలవకపోవడం, ఆరేడు గంటలు మూత్రమే రాకపోవడం, నిలబడితే కళ్లు తిరగడం, మాట తడబడటం, మందు వేసుకున్నా రక్తం ఆగకపోవడం, షుగర్ అదుపు తప్పడం. మలేరియా ఉన్న ప్రాంతంలో తిరుగుతూ విరేచనాలతో పాటు జ్వరం వస్తే, తిండి తేడా చేసిందని సర్దుకుపోకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి. మలేరియాలోనూ విరేచనాలవుతాయి.

మీది ఆరు వారాల ప్రయాణం కాబట్టి ఇంకొకటి గుర్తుంచుకోవాలి. నీటి ద్వారా వచ్చే జియార్డియా అనే పరాన్నజీవి లోపలికి వెళ్లిన వారం రెండు వారాల తర్వాత గానీ బయటపడదు. అంటే మీరు ఇంటికి చేరాక మొదలు కావచ్చు. సాధారణంగా జ్వరం ఉండదు. కడుపు ఉబ్బరం, కుళ్లిన గుడ్డు వాసనతో తేన్పులు, జిడ్డుగా తేలే మలం, రెండు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ రావడం దాని లక్షణాలు. సంచీలో మిగిలిన అజిత్రోమైసిన్ దానిమీద పనిచేయదు, టినిడజోల్ లాంటి వేరే మందు కావాలి. మెట్‌ఫార్మిన్ వల్లేమోనని మీరూ, గ్యాస్ అని చుట్టుపక్కలవాళ్లూ అనుకునే ప్రమాదం ఉంది. విరేచనాలు 14 రోజులు దాటితే డాక్టర్ దగ్గరికి వెళ్లి, ఏయే దేశాలు తిరిగారో మొదటే చెప్పండి. ఆ జీవి ప్రతి రోజూ మలంలో కనిపించదు కాబట్టి మైక్రోస్కోప్ పరీక్షకైతే వేర్వేరు రోజుల్లో మూడు నమూనాలు ఇవ్వాలి.